ఐడీ వేయించుకోమంటున్నారా, సరుకు అమ్మమంటున్నారా: గొలుసుకట్టు స్కీముకీ అసలు డైరెక్ట్ సెల్లింగ్‌కీ తేడా

"బావా, ఆదివారం ఖాళీయేనా? రాజమండ్రి వెళ్లొద్దాం. విషయం ఫోన్లో చెబితే అర్థం కాదు. నువ్వొచ్చి చూడాలంతే. అక్కని కూడా తీసుకురా."

కోనసీమలోనైనా, పాలకొల్లు, భీమవరం వైపైనా ఇలాంటి ఫోను అందుకోని ఇల్లు తక్కువ. దాళ్వా ధాన్యం డబ్బు బ్యాంకులో పడ్డాకో, కువైట్‌లో ఉన్న చెల్లెలు డబ్బు పంపాకో వస్తే దాని బలం ఇంకా ఎక్కువ. చేసేది తెలియని వాడు కాదు, బావో తోడల్లుడో కాబట్టి కాదనలేం.

ఇంకో రకం పిలుపు కూడా ఉంది. ఆవిడ గుమ్మంలోకి వస్తుంది, చేతిలో సంచి ఉంటుంది. "వదినగారూ, ఈ గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి వాడి చూడండి. సీసా నూట తొంభై. నచ్చకపోతే వచ్చే వారం తీసుకెళ్లిపోతాను." మీరు బేరమాడతారు, కొంటారు, లేదా వద్దంటారు. అక్కడితో అయిపోతుంది.

రెండింటికీ బయట ఒకే పేరు, డైరెక్ట్ సెల్లింగ్. రెండో ఆవిడ నిజంగా చేస్తున్నది అదే. మొదటి బావ చేస్తున్నది గొలుసుకట్టు వ్యాపారం అయ్యే అవకాశమే ఎక్కువ. ఎందుకంటే అసలు సరుకున్నవాడు సరుకు పేరు దాచడు. దాచేది ప్లానే. చేరాలా వద్దా, చేరితే దేనిలో చేరాలి అన్నది తేల్చుకోవడానికి వాళ్ల మాటలకన్నా వాళ్ల లెక్క ఎక్కువ పనికొస్తుంది. ముందు ఆ లెక్క చూద్దాం.

లెఫ్ట్, రైట్ కాగితం విప్పితే

మన వైపు ఎక్కువగా తిరిగే ప్లాను జోడీల ప్లాను. మీ కింద ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు. వాళ్ల కింద మళ్లీ ఇద్దరేసి. ఎడమన ఒకటి, కుడిన ఒకటి కలిస్తే ఒక పెయిర్. పెయిర్‌కి ఇంత అని కమిషన్. కంపెనీ పేరు మారుతుంది, అంకెలు మారతాయి, బొమ్మ మాత్రం అదే.

ఉదాహరణకి ఇలాంటి ప్లాను ఒకటి తీసుకుందాం. అంకెలు లెక్క కోసం మేం వేసుకున్నవే గానీ, టేబుల్ మీద పెట్టే కాగితాలు ఈ తీరులోనే ఉంటాయి. ఐడీ వేయించుకోవడానికి, అంటే సభ్యుడిగా చేరడానికి, 12,000 రూపాయలు. దానికి ఒక అట్టపెట్టె ఇస్తారు. నేరుగా మీరు చేర్పించిన ఒక్కొక్కరికి 1,000 రూపాయలు. మీ కింద పడిన ఒక్కో పెయిర్‌కి 1,500. టీడీఎస్, సర్వీసు చార్జీ అని అందులో 10 శాతం కోత.

అట్టపెట్టె విప్పండి. నోని జ్యూసు సీసాలు రెండు, స్పైరులినా బిళ్లల డబ్బా ఒకటి, ప్యాంటు షర్టు గుడ్డ ఒకటి, చేతి గడియారం ఒకటి. దాని మీద ఎమ్మార్పీలన్నీ కలిపితే చక్కగా 12,000 దాటుతుంది. ఎమ్మార్పీ ముద్రించుకునేది వాళ్లే కాబట్టి ఆ మొత్తం దేనికీ రుజువు కాదు. విలువ తెలియాలంటే ఆ గుడ్డను ద్వారపూడిలో హోల్‌సేల్ కొట్టువాడికి చూపించి మీటరు ఎంతిస్తావని అడగాలి. జ్యూసు ధర మందుల షాపులో ఉన్న అలాంటి సీసాతో మిల్లీలీటరు లెక్కన పోల్చాలి. అన్నీ కలిపి 3,000 వస్తుందనుకుందాం. మిగతా 9,000 మీరు కొన్న వస్తువుకి కాదు, వరసలో చోటుకి ఇచ్చినట్టు.

ఇప్పుడు ఆ 9,000 ఎప్పుడు తిరిగొస్తుందో చూడండి. మీరు ఇద్దర్ని చేర్పించారు. రెండు వేలు, ఒక పెయిర్ పదిహేను వందలు, మొత్తం 3,500. వాళ్లిద్దరూ తలా ఇద్దర్ని తెచ్చారు. ఇప్పుడు మీ కింద ఆరుగురు, అంటే మూడు పెయిర్లు. మీకు మొత్తం 6,500 వచ్చింది. పదో వంతు కోత పోతే 5,850. పెట్టెలో సరుకు విలువ 3,000 కలిపినా 8,850. ఇంకా నష్టమే. ఆ నలుగురూ తలా ఇద్దర్ని తెచ్చి మీ కింద పద్నాలుగు మంది అయితే 12,500 వస్తుంది. కోత పోగా 11,250. సరుకుతో కలిపితే అప్పుడు గట్టెక్కారు.

అంటే గట్టెక్కిన ప్రతి ఒక్కరి కింద మూడు వరసలు నిండి ఉండాలి. దీనిలోనే కీలకం ఉంది. చెట్టు ఎంత పెద్దదైనా సరే, చివరి మూడు వరసల్లో ఉన్నవాళ్లకి మూడు వరసలు నిండవు. ఒక్కో వరస పైదానికి రెట్టింపు కాబట్టి, మొత్తం జనంలో ఆ చివరి మూడు వరసల్లో ఉండేది ఎనిమిదింట ఏడొంతుల మంది. పది వరసలు నిండిన చెట్టులో 1,023 మంది ఉంటారు. అందులో లాభంలో ఉన్నది 127 మంది. 896 మంది నష్టంలో ఉన్నారు. అట్టడుగున ఉన్న 512 మందికి ఒక్క రూపాయి కమిషన్ రాలేదు. తలా తొమ్మిది వేలు పోయింది. ఆ ఒక్క వరసలోనే పోయింది 46 లక్షల పైచిలుకు.

"ఇంకో వరస చేరితే వాళ్లకీ వస్తుంది కదండీ" అంటారు స్టేజి మీద. వస్తుంది. కానీ ఇంకో వరస చేరేసరికి అట్టడుగున 1,024 మంది కొత్తగా అదే నష్టంలో కూర్చుంటారు. ఎనిమిదింట ఏడొంతులనే లెక్క మారదు. ఎంతదాకా పోతుంది ఇది? పదహారు వరసలకి 65,535 మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో అమలాపురం పురపాలక సంఘం జనాభా యాభై మూడు వేల చిల్లర. పసిపిల్లలతో సహా పట్టణమంతా ఐడీలు వేయించుకున్నా పదహారో వరస నిండదు.

పైది అంతా చెట్టు సమంగా పెరిగితేనే. నిజానికి అలా పెరగదు. ఒక పక్క ముప్పై మంది, మరో పక్క ఇద్దరు ఉంటే మీకు లెక్కకొచ్చేది రెండు పెయిర్లే. మిగిలిన ఇరవై ఎనిమిది మందీ బలహీనమైన పక్క నిండేదాకా ఉత్తినే ఉంటారు. కొన్ని ప్లాన్లలో క్లోజింగ్ రోజుకి, అంటే పెయిర్లు లెక్కగట్టే రోజుకి, మిగిలినవి చెరిపేస్తారు కూడా. ఇక్కడే అప్‌లైన్, అంటే వరసలో మీ పైన ఉన్నవాడు, ఒక తియ్యటి మాట చెబుతాడు: "మీ లెఫ్ట్ మేం కట్టేస్తాం, మీరు రైట్ ఒక్కటి చూసుకోండి చాలు." అతను లెఫ్ట్ కట్టేది మీ మీద ప్రేమతో కాదు, అతని చెట్టులో ఆ పక్క ఎలాగూ పెరుగుతోంది కాబట్టి. మీకు కావలసింది రైట్. దానికి మీ చుట్టాలు, మీ సంఘంలో ఆడవాళ్లు కావాలి. ఊరిలో మీ పరపతి అతనికి ఉచితంగా దొరుకుతుంది.

కొత్తవాళ్లు ఆగితే ఏమవుతుంది

ఏ ప్లాను ముందు పెట్టినా అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే: రేపట్నుంచి ఒక్క కొత్త మనిషి కూడా చేరకపోతే, వచ్చే నెల నాకు ఎంత వస్తుంది, ఎవరి జేబులోంచి వస్తుంది?

పై ప్లానులో జవాబు సున్నా. కమిషన్ మొత్తం కొత్త ఐడీల డబ్బే. సంచి పట్టుకొచ్చిన వదినగారి లెక్కలో జవాబు సున్నా కాదు. ఆవిడకు ఇరవై ఇళ్లు ఖాతా ఉన్నాయనుకోండి. ఇల్లు ఒక్కింటికి నెలకి సగటున 500 రూపాయల సరుకు. మొత్తం పది వేల అమ్మకం. కంపెనీ ధరకీ అమ్మే ధరకీ మధ్య 20 శాతం తేడా అనుకుంటే రెండు వేలు. స్కూటీ పెట్రోలుకి 400 పోయింది. "ఒకటో తారీకు ఇస్తానమ్మా" అన్న ఇంటి బాకీ, గడువు దగ్గరపడి తక్కువకి తోసేసిన సీసాలు కలిపి ఇంకో 400. చేతిలో మిగిలింది 1,200. నెలకి పాతిక గంటలు తిరిగితే గంటకి యాభైకి కాస్త తక్కువ.

ఇది పెద్ద ఆదాయం కాదు. ఈ మాట దాచిపెట్టి డైరెక్ట్ సెల్లింగ్‌ని మెచ్చుకోవడం కూడా మోసమే. 2024లో అమెరికాలో వ్యాపార మోసాలు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది, ఇలా వరసలుగా అమ్మకందార్లను చేర్చుకునే 70 మల్టీలెవెల్ కంపెనీలు తామే ప్రకటించుకున్న ఆదాయ పత్రాలు చూస్తే, చేరినవాళ్లలో ఎక్కువమందికి ఏడాదికి అందింది 1,000 డాలర్లు, లేదా అంతకన్నా తక్కువ. ఎక్కువ పత్రాల్లో ఖర్చుల ఊసే లేదు. కాబట్టి నిజాయితీగా నడిచే కంపెనీలో చేరినా అది సంసారానికి చన్నీళ్లకు వేణ్ణీళ్లుగా ఉంటుందే తప్ప ఉద్యోగం మానేసే ఆదాయం కాదు. ఎవరైనా "నెలకి లక్ష, రెండేళ్లలో కారు" అంటే ఆ లక్ష సరుకు మీద రాదు. ఖర్చులు లెక్కలోకి తీసుకోకపోయినా, లక్ష రావాలంటే ఇరవై శాతం తేడాతో నెలకి అయిదు లక్షల సరుకు అమ్మాలి. అంటే వదినగారి లాంటి ఇళ్లు వెయ్యి కావాలి.

కానీ ఆ పన్నెండు వందలకి ఒక గుణం ఉంది. దానికోసం ఆవిడ కింద ఎవరూ నష్టపోలేదు. లిక్విడ్ బాగుంటే ఇళ్లు నిలబడతాయి, బాగోకపోతే పోతాయి. ఆవిడ కింద ఇంకో ఇద్దరు అమ్మకందార్లు చేరి వాళ్ల అమ్మకం మీద కంపెనీ ఆవిడకి రెండు మూడు శాతం బోనసిచ్చినా తప్పేం లేదు. ఆ శాతం లిక్విడ్ కొన్న ఇంటి డబ్బులోంచి వస్తోంది, ఆ ఇద్దరి చేరిక ఫీజులోంచి కాదు. వరసలు ఉన్నంత మాత్రాన అది పిరమిడ్, అంటే గొలుసుకట్టు, అయిపోదు. వరసల్లో పైకి పారేది సరుకు డబ్బా, చేరిక డబ్బా అన్నదే తేడా.

అమ్మడం చేతనైన మనిషికి మరో దారి కూడా పక్కన పెట్టుకుని పోల్చుకోవాలి. ద్వారపూడిలో పది వేలకి చీరలు తెచ్చి ఊళ్లో వాయిదాల మీద ఇస్తే ఎంత మిగులుతుంది? అక్కడ ధర మీ ఇష్టం, సరుకు మీ ఎంపిక, నెలనెలా ఇంత కొనాలన్న కట్టుబాటు లేదు. కంపెనీ సరుకు ఆ లెక్కను దాటితేనే దాని జోలికి వెళ్లడం దండగ కాదు.

మధ్యలో ఉన్న మసక

తేల్చుకోవడం కష్టమయ్యేది ఈ రెండు చివర్ల దగ్గర కాదు. కంపెనీ పేరున్నదే, సరుకూ మంచిదే, చేరడానికి ఫీజు కూడా లేదు. కానీ మీ పైవాళ్ల టీమ్ నడిపే తీరు గొలుసుకట్టే. ఎక్కువ ఇళ్లలో డబ్బు పోయేది ఇక్కడ.

ఆనవాలు పాయింట్లలో ఉంటుంది. "నెలకి ఇన్ని పాయింట్లు కొంటేనే మీ ఐడీ యాక్టివ్, లేకపోతే కింద వచ్చిన బోనస్ పోతుంది" అంటారు. పాయింట్ల కోసం మీరే కొంటారు. నెలకి 2,500 రూపాయల సరుకు అంటే ఏడాదికి 30,000. ఇంట్లో వాడితే వాడారు, మిగిలింది బీరువా మీదకి ఎక్కుతుంది. బోనసేమో నెలకి 700, 800 వస్తుంది. ఫోన్లో ఆ మెసేజి చూసుకుని వ్యాపారం నడుస్తోందనుకుంటారు. అది మీరు కట్టిన డబ్బులోంచే కొంత మీకు తిరిగిరావడం. ఇంకా గట్టి టీముల్లో "ఈ నెలాఖరుకి ర్యాంకు రావాలంటే నలభై వేల పాయింట్లు తక్కువయ్యాయి" అని క్రెడిట్ కార్డు మీద ఒకేసారి కొనిపిస్తారు. ఆ పెట్టెలు మంచం కింద చేరతాయి.

దీనికి ఒక పాత కొలత ఉంది. 1979లో అమెరికాలో ఒక ప్రసిద్ధ కేసులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీని పిరమిడ్ కాదని తేల్చింది. అందుకు ఆధారం చేసుకున్నవి కంపెనీ సొంత నియమాలే: నెలలో కొన్నదాంట్లో కనీసం 70 శాతం అమ్మి ఉండాలి, నెలకి కనీసం పదిమంది బయటి ఖాతాదారులకి అమ్మినట్టు చూపాలి, వెళ్లిపోయేవాళ్ల దగ్గర మిగిలిన సరుకు వెనక్కి తీసుకోవాలి. ఆ మూడింటినీ మీ అప్‌లైన్ మీదే ప్రయోగించండి. "అన్నయ్యగారూ, పోయిన నెల మీరు ఎవరెవరికి అమ్మారు? ఐడీ లేని పదిమంది పేర్లు చెప్పండి." నిజంగా అమ్మేవాడికి పేర్లు నోటి మీద ఉంటాయి, బిల్లు పుస్తకం ఉంటుంది. లేనివాడు అమ్మకం సంగతి వదిలేసి ఆస్తి, కలలు, పిల్లల భవిష్యత్తు గురించి మాట్లాడతాడు.

సరుకు మంచిదైతే చాలు అనుకోవడం మన రాష్ట్రంలో మరీ పొరపాటు. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, నిజంగా సరుకు తయారు చేసి అమ్మే ఒక బహుళజాతి కంపెనీ ప్లానునే 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం కిందికి వచ్చేదిగా ప్రాథమికంగా భావించింది. చూడాల్సింది సీసాలోని లిక్విడ్ కాదు, డబ్బు తిరిగే దారి. ఆ చట్టంలోని ఇంకో మాట చాలామందికి తెలియదు. స్కీము పెట్టినవాడితో పాటు అందులో సభ్యుడిగా చేరేవాడినీ, దాని పేరున డబ్బు తీసుకునేవాడినీ, పంపేవాడినీ అది నిషేధిస్తుంది. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. "నేను కూడా మోసపోయినవాణ్నే" అని మీరనుకున్నా, మీ కింద చేరిన వదిన ఫిర్యాదులో మొదటి పేరు మీదే ఉంటుంది.

గోడకు కట్టిన సర్టిఫికెట్లు, చేతికి రావలసిన కాగితాలు

ఆఫీసులో గోడ నిండా ఫ్రేములుంటాయి. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, ఐఎస్ఓ, పాన్. ఇవేవీ ప్లాను సక్రమమని చెప్పవు. కంపెనీ పుట్టిందని ఒకటి, పన్ను కడతానన్నదని ఒకటి చెబుతాయి, అంతే. ఫుడ్ సప్లిమెంట్ డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండటం అవసరమే, కానీ అది తినే వస్తువుకి లైసెన్సు, కమిషన్‌కి కాదు.

చూడాల్సినవి గోడ మీద కాదు, మీ చేతికి వచ్చేవి. 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం సరుకు అమ్మే ముందే కంపెనీకీ మీకూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అమ్మకందారుకి గుర్తింపు కార్డు ఇవ్వాలి. ఆ కార్డు లేకుండా, ముందుగా అడగకుండా ఎవరింటికీ అమ్మకానికి వెళ్లకూడదు. ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 పని గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో పిరమిడ్ స్కీముగానీ, డబ్బు తిప్పే స్కీముగానీ నడపకూడదని విడిగా నిషేధం ఉంది. అంతకుముందు 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు చేరిక ఫీజు ఉండకూడదనీ, మనిషిని చేర్చినందుకే డబ్బివ్వకూడదనీ, సహేతుకమైన కాలంలో అమ్ముకోలేనంత సరుకు కొనిపించకూడదనీ చెప్పాయి.

గొలుసుకట్టువాళ్లు చేరిక ఫీజు ఉండకూడదన్న నియమాన్ని తప్పించుకునేది ఒకే తీరులో. ఫీజు అన్న మాట వాడరు, "ప్రోడక్ట్ ప్యాకేజీ" అంటారు. అందుకే బిల్లు చూడండి. జీఎస్టీ బిల్లు మీ పేరున ఉందా, అందులో వస్తువులు విడివిడిగా ధరలతో ఉన్నాయా? లేక ఒకే గీత మీద "ప్యాకేజీ 12,000" అనా? డబ్బు కంపెనీ ఖాతాకి వెళుతోందా, లేక అప్‌లైన్ ఫోన్‌పేకా? "ముందు నాకు వేసేయండి, నా దగ్గర పిన్ ఉంది, ఐడీ ఇప్పుడే వేస్తాను" అంటే ఆ డబ్బుకి కంపెనీ దగ్గర మీ పేరున ఏ రుజువూ ఉండదు.

చేరే ముందే తిరిగి వచ్చే దారి అడగండి. ఒప్పందం కాగితంలో కూలింగ్ ఆఫ్ గడువని ఉంటుంది. ఆ గడువులోగా కారణం చెప్పకుండా, జరిమానా లేకుండా తప్పుకోవచ్చు. అది ఎన్నాళ్లు? సరుకు ఏ చిరునామాకి పంపాలి? కొరియర్ ఖర్చు ఎవరిది? సీలు విప్పితే? డబ్బు ఎన్ని రోజుల్లో, ఏ ఖాతాకి? సమాధానం కాగితంలో వేలుపెట్టి చూపించగలిగితే ఒక మెట్టు దాటినట్టే. "అసలు వెనక్కి ఇచ్చే అవసరం ఎవరికీ రాలేదండీ" అన్నది సమాధానం కాదు.

ఒత్తిడి ఎక్కడ పుడుతుంది

గొలుసుకట్టు మీటింగులో గట్టిగా చప్పట్లు కొట్టించడం, ఫంక్షన్ హాల్లో పాటలు, స్టేజి మీద చెక్కు ఫొటో, ఇవి వేషాలు. అసలు ఒత్తిడి గడియారంలో ఉంటుంది. పెయిర్లు క్లోజింగ్ తేదీకి కలవాలి కాబట్టి మీ చేరిక ఇవాళే కావాలి. వచ్చే నెల మీరు చేరితే మీకేమీ నష్టం లేదు, నష్టం పైవాడిది. అందుకే "ఇంటికెళ్లి ఆలోచించుకుంటాను" అనగానే మాట మారుతుంది. "బంగారం బ్యాంకులో ఎందుకు పడుకోబెట్టావు", "డ్వాక్రా లోను వచ్చిందిగా", "బావగారికి ఇప్పుడు చెప్పకు, చెక్కు వచ్చాక చూపించు". ఇంట్లో చెప్పొద్దన్న మాట వినిపించాక ఇంకేమీ పరీక్షించనక్కర్లేదు, లేచి వచ్చేయవచ్చు.

చేరాక మొదటి పని వంద పేర్ల జాబితా. పెళ్లి శుభలేఖల లిస్టు తీసుకు రమ్మంటారు. "ప్లాను మీరు చెప్పొద్దు, మేం చెబుతాం. మీరు పిలవండి చాలు." అమ్మకం నేర్పే కంపెనీలో మొదటి శిక్షణ సరుకు గురించి ఉంటుంది. ఏ మరకకి ఎంత లిక్విడ్, ఎవరు వాడకూడదు, నిల్వ ఎలా. పిలవడం నేర్పితే పిలవడమే వ్యాపారమని అర్థం.

అసలు డైరెక్ట్ సెల్లింగ్‌లోనూ ఒత్తిడి ఉంటుంది, అది వేరు. నెలాఖరున అమ్మకం తగ్గిందని సూపర్‌వైజర్ ఫోన్ చేస్తాడు. బాకీలు వసూలు కాక తలనొప్పి. కానీ మీరు రెండు నెలలు మానేస్తే జరిగేది అమ్మకం తగ్గడమే. మీ మీద వలస పక్షి, నెగిటివ్ మనిషి అన్న ముద్ర పడదు, వాట్సాప్ గ్రూపులోంచి మిమ్మల్ని అవమానించి తీసేయరు. ఆగితే ఏమవుతుందో చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

ఇప్పటికే ఐడీ వేయించుకున్నవాళ్లకి

చేయాల్సిన మొదటి పని ఇంకొకర్ని చేర్చకుండా ఆగడం. "ఇద్దరొస్తే నా డబ్బు నాకు వచ్చేస్తుంది" అన్న ఆలోచనే ఈ చెట్టుకి నీరు. పైగా పైన చూసిన లెక్కలో ఇద్దరొచ్చినా రాదు, పద్నాలుగు మంది రావాలి.

రెండోది, ఫోన్లో ఉన్నదంతా భద్రపరచడం. గ్రూపులోంచి తీసేస్తే పాత మాటలు చూసుకోవడం కుదరకపోవచ్చు, కాబట్టి ముందే స్క్రీన్‌షాట్లు తీయండి. ప్లాను కాగితం రెండు వైపులా, డబ్బు పంపిన ఎంట్రీ, ఖాతా పేరు కనబడేలా. ఆదాయం హామీ ఇచ్చిన ఆడియో మెసేజీలు ఉంటే వాటిని వేరే చోట దాచండి. సరుకు సీలు విప్పకండి. వెనక్కి తీసుకునే నియమాలు సాధారణంగా వాడని, గడువున్న, అమ్మదగ్గ సరుకుకే వర్తిస్తాయి.

తర్వాత కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి ఈమెయిలూ, రిజిస్టర్డ్ పోస్టూ రెండూ పంపండి. పొడుగ్గా బాధ రాయకండి. ఈ నాలుగు ముక్కలు చాలు:

"నా ఐడీ నంబరు ఫలానా. ఫలానా తేదీన 12,000 రూపాయలు ఫలానా ఖాతాకి చెల్లించాను. ఒప్పందాన్ని ఇవాళ్టి నుంచి రద్దు చేసుకుంటున్నాను. సరుకు సీలు విప్పలేదు. ఏ చిరునామాకి పంపాలో తెలిపి, చెల్లించిన మొత్తాన్ని నా బ్యాంకు ఖాతాకి తిరిగి వేయగలరు."

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. డబ్బు ఆన్‌లైన్లో ఈమధ్యే వెళ్లి, మనిషి ఫోన్ ఎత్తడం మానేస్తే ఆలస్యం చేయకుండా 1930కి చేయాలి, ఎందుకంటే ఆ డబ్బు ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. ప్లాను చేరికల మీదే నడుస్తుంటే పోలీస్ స్టేషన్లో ఇచ్చే ఫిర్యాదులో "సరుకు బాగోలేదు" అని రాయకండి, అది వినియోగదారుల గొడవగా మారిపోతుంది. "కొత్త సభ్యుల్ని చేర్పిస్తే డబ్బిస్తామని చెప్పి డబ్బు తీసుకున్నారు" అని రాసి, ప్లాను కాగితం జతపరచండి. ఒకే అప్‌లైన్ కింద నష్టపోయిన నలుగురైదుగురు కలిసి వెళ్తే డబ్బు దారి స్పష్టంగా కనబడుతుంది.

మీరే చేర్పించిన వాళ్లుంటే వాళ్లకీ ఆ ఉత్తరం నకలు ఇవ్వండి. మీ పేరున వాళ్ల డబ్బులోంచి వచ్చిన కమిషన్ ఎంతో ఐడీలో చూసి, అది ముందే తిరిగి ఇచ్చేసి, ఇచ్చినట్టు వాళ్ల చేత రాయించుకోండి. బ్యాంకు ద్వారానే ఇవ్వండి, చేతికి కాదు.